వివరాలు లోపలికి, ఫిర్యాదు బయటే

బ్యాంకు మీదో, కొరియరు మీదో, ఫోను కంపెనీ మీదో విసుగెత్తి ఎక్స్‌లోనో ఫేస్‌బుక్‌లోనో నలుగురూ చూసేలా ఒక మాట రాస్తాం. కాసేపటికి ఆ సంస్థ పేరుతో ఒక జవాబు వస్తుంది. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. దయచేసి మీ వివరాలు, ఫోన్ నంబరు మాకు డైరెక్ట్ మెసేజ్‌లో పంపండి. మా ప్రతినిధి మిమ్మల్ని సంప్రదిస్తారు." కాస్త అటూ ఇటూగా అందరూ రాసేది ఇదే.

దీన్ని చూడగానే కొందరికి ఒళ్లు మండుతుంది. నలుగురిలో అడిగితే చాటుకు పిలుస్తారేంటి అని అక్కడే ఇంకో నాలుగు మాటలు అంటారు. కొందరు హమ్మయ్య, పలికారు అనుకొని అడిగినవీ అడగనివీ అన్నీ పంపేస్తారు. రెండు రకాల వాళ్లూ నష్టపోవడం నేను చూశాను. ఈ చిన్న జవాబు వెనక ఏం జరుగుతుందో, అది వచ్చాక మనం ఏం చేయాలో తెలిస్తే నష్టపోవలసిన పని లేదు. ఇవాళ దాని గురించే చెబుతాను.

విజయవాడలో, మా పటమటలో, మా వీధిలోనే, ఒక రిటైర్డ్ టీచరు గారు ఉన్నారు. ఆవిడ ఒక నెల ఐదో తారీఖు సాయంత్రం హైస్కూల్ రోడ్డులో ఒక ఏటీఎంకి వెళ్లి పదివేల రూపాయలకు నొక్కారు. మిషను లోపల నోట్లు లెక్కపెట్టిన చప్పుడైతే వినిపించింది గానీ నోట్లు బయటికి రాలేదు. స్లిప్పు వచ్చింది. ఇంటికొచ్చేలోపు ఫోనుకు మెసేజ్ కూడా వచ్చింది, ఖాతాలో పదివేలు తగ్గాయని. ఏటీఎం ఒక బ్యాంకుది, ఆవిడ కార్డు ఇంకో బ్యాంకుది. రెండింటి పేర్లూ ఇక్కడ అనవసరం.

ఇంట్లో ఆవిడ చెల్లెలి కొడుకు ఉన్నాడు. "పెద్దమ్మా, నువ్వు కంగారుపడమాక, పబ్లిక్‌లో పెడితే గంటలో దిగొస్తారు" అని అప్పటికప్పుడు ఎక్స్‌లో రాసేశాడు. కార్డు ఇచ్చిన బ్యాంకును ట్యాగ్ చేశాడు. జరిగింది రాశాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఆవిడ ఖాతా నంబరు, ఫోను నంబరు కూడా అందులోనే పెట్టి, స్లిప్పు ఫోటో జత చేశాడు. అర్జెంటు పని కదా, వాళ్లకు వివరాలు దొరకాలి కదా అని అతని ఉద్దేశం.

ఇరవై నిమిషాల్లో బ్యాంకు నుంచి జవాబొచ్చింది. విచారం వ్యక్తం చేశారు. వివరాలు మెసేజ్‌లో పంపమన్నారు. ఖాతా నంబరు, ఫోను నంబరు ఉన్న ఆ పోస్టును వెంటనే తీసేయమని కూడా చెప్పారు. కుర్రాడికి కోపం వచ్చింది. "చూశావా పెద్దమ్మా, మన నోరు మూయిస్తున్నారు" అన్నాడు.

పోస్టు తీసేయమన్న ఆ ఒక్క మాటలో బ్యాంకుదే న్యాయం. ఎందుకో చెబుతాను. స్లిప్పు మీద కార్డు అంకెలు చాలావరకు దాచే ఉంటాయి గానీ, చివరి నాలుగు అంకెలు, ఏటీఎం గుర్తింపు నంబరు, సమయం, లావాదేవీ నంబరు, కొన్నిసార్లు మిగిలిన బ్యాలెన్సు కూడా ఉంటాయి. పక్కన ఖాతా నంబరు, ఫోను నంబరు పెడితే, ముక్కూముఖం తెలియని మనిషి ఎవడైనా ఫోను చేసి "మేడం, సాయంత్రం మీరు పదివేలకు ప్రయత్నించారు కదా" అని మొదలుపెట్టగలడు. నిజమైన వివరాలు చెబుతున్నాడు కాబట్టి బ్యాంకువాడే అనుకుంటాం. మోసగాడికి మన పాస్‌వర్డు కంటే ముందు కావలసింది ఈ నమ్మకమే.

రైళ్ల విషయంలోనూ ఇదే సంగతి. సురేష్ ప్రభు గారు 2014 నవంబరు నుంచి 2017 సెప్టెంబరు దాకా రైల్వే మంత్రిగా ఉన్నారు. ప్రయాణికులు బండిలో కూర్చునే ట్విట్టర్‌లో రాస్తే రైల్వే వాళ్లు పలకడం ఆయన కాలంలోనే దేశమంతా ప్రచారమైంది. ఇప్పుడు ఆ పనికి 'రైల్వే సేవ' అనే ఖాతా ఉంది. బోగీలో నీళ్లు రావడం లేదనో, ఏసీ పనిచేయడం లేదనో, తోటి ప్రయాణికుడు ఇబ్బంది పెడుతున్నాడనో రాస్తే, వాళ్ల జవాబు దాదాపు ఒకే అచ్చులో ఉంటుంది. పీఎన్ఆర్ నంబరు, ఫోను నంబరు వీలైతే డైరెక్ట్ మెసేజ్‌లో ఇవ్వండి, లేదా రైల్ మదద్‌లో నమోదు చేయండి, లేదా 139కి ఫోను చేయండి అని.

పీఎన్ఆర్ పది అంకెలే కదా, అందులో అంత దాచాల్సింది ఏముంది అనిపించవచ్చు. ఆ పది అంకెలు చేతిలో ఉంటే ఏ బండి, ఏ రోజు, ఏ బోగీ, ఏ బెర్తు, ఎక్కడ ఎక్కుతారు, ఎక్కడ దిగుతారు అన్నీ తెలిసిపోతాయి. అర్ధరాత్రి దాటాక విజయవాడ మీదుగా ఒంటరిగా వెళ్లే ఆడపిల్ల, పక్క బెర్తువాడు ఇబ్బంది పెడుతున్నాడని రాసిందనుకోండి. ఆ అంకెలు నలుగురి ముందూ ఉంటే సాయానికి వచ్చేవాళ్లకే కాదు, ఎవరికైనా దారి చూపించినట్టే. అందుకని ఆ అంకెలు లోపలికి పంపాల్సిందే.

అయితే రైల్వే పద్ధతిలో నాకు బాగా నచ్చింది ఆ తర్వాత జరిగేది. వివరాలు లోపల తీసుకుంటారు గానీ, ఫిర్యాదును లోపలికి లాక్కుపోరు. తగిన చర్య కోసం ఫలానా డివిజనుకు పంపాం అని, ఆ డివిజను అధికారి ఖాతాను ట్యాగ్ చేసి, అక్కడే, అందరికీ కనబడేలా రాస్తారు. బండి ఎక్కడుంటే ఆ డివిజను. మన దగ్గరైతే విజయవాడ డివిజను. ఇక ఆ పని ఎవరి మీద ఉందో ఊరంతటికీ తెలుసు. పని జరగకపోతే ఎవరిని అడగాలో కూడా తెలుసు.

ఈ తేడా గుర్తుంచుకోండి. వివరాలు లోపలికి వెళ్లాలి. ఫిర్యాదు మాత్రం బయటే ఉండాలి. మర్యాదగా రాసిన ఆ జవాబు మొదటిదానికి ఉపయోగపడితే మంచిదే. రెండోదాన్ని మాయం చేయడానికి వాడితే మాత్రం మనం ఒప్పుకోకూడదు.

మళ్లీ టీచరు గారి దగ్గరికి వద్దాం. కుర్రాడు గొణుక్కుంటూనే ఆ పోస్టు తీసేసి, అంకెలూ ఫోటో లేకుండా మళ్లీ రాశాడు. కానీ ఆలోపే ఇంకో జవాబు వచ్చి ఉంది. అదే బ్యాంకు బొమ్మ, అదే పేరు, పక్కన కస్టమర్ కేర్ అని ఉంది. ఒక ఫోను నంబరిచ్చి కాల్ చేయమన్నారు. ఆ తర్వాత పది నిమిషాలకు టీచరు గారి ఫోనే మోగింది.

"మేడం, మీ పదివేలు రిఫండ్ ప్రాసెస్ అవుతోంది. లింకు పంపాం, ఫారం నింపి రెండు రూపాయలు కట్టండి, వెంటనే జమైపోతుంది" అన్నాడతను, చక్కని తెలుగులో.

"నా డబ్బు నాకివ్వడానికి నేను కట్టడమేంటి నాయనా?" అని ఆవిడ ఫోను పెట్టేశారు. ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి.

అందరూ అలా తప్పించుకోలేరు. 2022 ఏడాది చివర్లో ముంబయిలో ఒక మహిళ తన రైలు టిక్కెట్లు ఖాయమవుతాయా లేదా అని ట్విట్టర్‌లో అడిగారు. టిక్కెట్ల వివరాలతో పాటు ఫోను నంబరు కూడా అందులోనే పెట్టారు. కాసేపటికి రైల్వే టిక్కెట్ల సంస్థ నుంచి మాట్లాడుతున్నాం అని ఫోను వచ్చింది. లింకు పంపారు. ఫారం నింపి రెండు రూపాయలు కట్టమన్నారు. ఆ తర్వాత ఆ కుటుంబం ఖాతాలోంచి 64 వేలకు పైగా పోయింది. రెండు రూపాయలు అడగడంలో కిటుకు ఏంటంటే, చిన్న మొత్తం కదా అని మనం అనుమానించం. ఆ రెండు రూపాయలు కట్టే పేజీలో మనమే కార్డు వివరాలూ ఓటీపీ కొట్టేస్తాం.

ఈ మోసగాళ్లు ఎక్కడో తాళాలు పగలగొట్టేవాళ్లు కాదు. బ్యాంకుల పేర్లు, 'రిఫండ్', 'డబ్బు కట్ అయింది' లాంటి మాటలు ఎవరు రాస్తున్నారా అని రోజంతా వెతుకుతూ ఉంటారు. అసలు బ్యాంకు పలికేలోపే పలకడానికి చూస్తారు. అందుకని వచ్చిన జవాబు అసలుదా నకిలీదా తేల్చుకోవడం మొదటి పని.

ఖాతా పేరు, బొమ్మ చూసి నమ్మకండి, అవి ఎవరైనా పెట్టుకోవచ్చు. పేరు కింద @ గుర్తుతో ఉండే చిరునామా చదవండి. నకిలీల్లో ఒక అక్షరం తేడా ఉంటుంది, లేదా చివర అంకెలో అడ్డగీతో తగిలించి ఉంటుంది. లోపలికి వెళ్తే ఆ ఖాతా ఎప్పుడు తెరిచారో కనిపిస్తుంది. పోయిన నెలలో తెరిచిన ఖాతా, పాతిక మంది అనుసరించేవాళ్లు ఉంటే అది బ్యాంకు కాదు. నీలం టిక్కు ఉంది కదా అంటారేమో, 2022 చివరి నుంచి అది డబ్బు కడితే వస్తోంది. దాన్ని గుర్తింపుగా లెక్కపెట్టడానికి లేదు.

ఇంకా గట్టి దారి ఒకటి ఉంది. వచ్చిన జవాబులోంచి లోపలికి వెళ్లకండి. బ్యాంకు వెబ్‌సైట్ తెరిచి, అక్కడున్న లింకు ద్వారా వాళ్ల ఖాతాకు వెళ్లి, మెసేజ్ మీరే మొదలుపెట్టండి. వెబ్‌సైట్ కూడా నకిలీది కావచ్చు కదా అన్న భయం ఉంటే, మన దేశంలో బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31 కల్లా .bank.in అనే చిరునామాకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ చివరి భాగం బ్యాంకులకు తప్ప ఇతరులకు ఇవ్వరు. కాబట్టి సైటు చిరునామా దానితో ముగుస్తోందా లేదా చూసుకుంటే చాలు.

ఒకవేళ అప్పటికే మోసపోయి ఉంటే, ఎవరితోనూ వాదించుకుంటూ కూర్చోకుండా మొదట బ్యాంకుకు ఫోను చేసి కార్డు, ఖాతా ఆపించాలి. తర్వాత సైబర్ నేరాల నంబరు 1930కి ఫోను చేయాలి. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, మనం ఓటీపీ లాంటివి చెప్పేసి పోగొట్టుకుంటే, బ్యాంకుకు తెలియజేసే దాకా జరిగిన నష్టం మనదే. తెలియజేసిన తర్వాత జరిగేది బ్యాంకు భరించాలి. అంటే అక్కడ నిమిషాలకు కూడా విలువ ఉంది.

సరే, అసలు బ్యాంకే అని తేలింది. ఇప్పుడు లోపల ఏం రాయాలి? టీచరు గారు రాసింది ఇంచుమించు ఇలా ఉంది. "నా కార్డు చివరి నాలుగు అంకెలు ఇవి. ఐదో తారీఖు సాయంత్రం 6 గంటల 40 నిమిషాలకు విజయవాడ పటమట హైస్కూల్ రోడ్డులోని ఏటీఎంలో 10,000 రూపాయలకు ప్రయత్నించాను. నోట్లు రాలేదు. ఖాతాలో తగ్గినట్టు మెసేజ్ వచ్చింది. స్లిప్పు మీదున్న ఏటీఎం నంబరు, లావాదేవీ నంబరు ఇవి. దీన్ని ఫిర్యాదుగా నమోదు చేసి నాకు నంబరు ఇవ్వండి." అంతే. కార్డు పూర్తి నంబరు లేదు. వెనకనుండే మూడంకెల సీవీవీ లేదు. పిన్, ఓటీపీ మాటే లేదు. ఇవేవీ ఆ పనికి అవసరం లేదు కూడా. అవి అడిగాడంటే అవతలివాడు బ్యాంకువాడు కాదని అక్కడికక్కడే తేలిపోయినట్టు.

సమయం, ఏటీఎం నంబరు అంత జాగ్రత్తగా ఎందుకు రాయాలంటే, ఫిర్యాదు తేలేది వాటి మీదే. ఏటీఎంలో ప్రతి నొక్కుకూ లోపల ఒక చిట్టా నమోదవుతుంది. నోట్లు లెక్కపెట్టిందా, బయటికి ఇచ్చిందా, మధ్యలో ఇరుక్కుందా అన్నీ అందులో ఉంటాయి. మిషనులో నగదు లెక్క చూసినప్పుడు పదివేలు ఎక్కువగా తేలాలి. కార్డు ఇచ్చిన బ్యాంకు అడిగితే, ఏటీఎం పెట్టిన బ్యాంకు ఈ చిట్టా చూసి ఔననో కాదనో చెబుతుంది. రెండు బ్యాంకుల మధ్య ఈ మధ్యవర్తి వ్యవస్థను నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ నడుపుతోంది. అందుకే ఏటీఎం ఎవరిదైనా సరే, మనం ఫిర్యాదు చేయాల్సింది మన కార్డు ఇచ్చిన బ్యాంకుకే. ఆ ఏటీఎం బ్యాంకు బ్రాంచికి పోయి తగవు పెట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ బ్రాంచివాళ్లు మళ్లీ మన బ్యాంకుకే పొమ్మంటారు.

టీచరు గారి మెసేజ్‌లో చివరి వాక్యం గమనించారా? ఫిర్యాదుగా నమోదు చేసి నంబరు ఇవ్వండి అన్నది. లోపలికి పిలిచాక చాలాసార్లు జరిగేది ఏంటంటే, మాట్లాడతారు, వివరాలు తీసుకుంటారు, సంబంధిత విభాగానికి పంపాం అంటారు, అక్కడితో సంభాషణ చల్లబడిపోతుంది. మనం ఫిర్యాదు చేశాం అనుకుంటాం. వాళ్ల పుస్తకంలో ఫిర్యాదే ఉండదు. బయట పోస్టు కింద వాళ్ల మర్యాదైన జవాబు ఉంది కాబట్టి, చూసేవాళ్లందరూ సమస్య తీరిపోయిందనే అనుకుంటారు. నంబరు చేతికొచ్చేదాకా అది కబుర్ల కిందే లెక్క.

నంబరుకు ఎందుకంత విలువ అంటే, పైకి వెళ్లడానికి గడువు మొదలయ్యేది దానితోనే. రిజర్వు బ్యాంకు సమీకృత అంబుడ్స్‌మన్ పథకం 2021 నవంబరు 12న మొదలైంది. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా cms.rbi.org.in లో రుసుము లేకుండా ఫిర్యాదు పెట్టవచ్చు. అక్కడ మొదట అడిగేదే బ్యాంకుకు ఎప్పుడు ఫిర్యాదు చేశారు, రుజువేది అని. తీపిమాటల స్క్రీన్‌షాట్ కంటే ఫిర్యాదు నంబరు, తేదీ ఉన్న మెయిలో ఎస్సెమ్మెస్సో గట్టి రుజువు. అందుకే నేనైతే లోపల రాసిందే మళ్లీ బ్యాంకు మెయిలుకు కూడా ఒక కాపీ పంపిస్తాను.

ఇక ఏటీఎం విషయంలో ఇంకో గడువు ఉంది. ఇది చాలామందికి తెలియదు కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ఖాతాలో తగ్గి నోట్లు రాకపోతే, లావాదేవీ జరిగిన రోజు పోను ఐదు రోజుల్లోగా బ్యాంకు ఆ డబ్బు తిరిగి వేయాలి. మనం అడిగామా లేదా అన్నదానితో నిమిత్తం లేదు. ఆ ఐదు రోజులు దాటితే, ఆలస్యమైన రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం కూడా మన ఖాతాలో వేయాలి. ఇక్కడ లెక్కించేది పనిదినాలు కాదు, క్యాలెండరు రోజులు.

టీచరు గారికి జరిగింది ఐదో తారీఖు. గడువు పదో తారీఖుతో అయిపోయింది. పదివేలు వచ్చింది పదిహేడున. అంటే ఏడు రోజులు ఆలస్యం, 700 రూపాయలు పరిహారం రావాలి. పదిహేడున పదివేలు మాత్రమే పడ్డాయి. పడగానే లోపల మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కారమైంది, సహకరించినందుకు ధన్యవాదాలు, మీ పోస్టును తొలగించగలరు అని.

"తీసేయనా పెద్దమ్మా?" అన్నాడు కుర్రాడు. ఇప్పుడతనికి కోపం పోయింది.

"ఏంట్రా తీసేది? లెక్క పూర్తికాలేదుగా" అన్నారావిడ.

అదే పోస్టు కింద ఆవిడ చెప్పినట్టు రాశాడు. పదివేలు పదిహేడున జమయ్యాయి, సంతోషం. పదో తారీఖు దాటాక ఏడు రోజులకు రావలసిన 700 ఇంకా రాలేదు, 2019 ఉత్తర్వు ప్రకారం ఇప్పించండి అని. తిట్లు లేవు. ఖాతా వివరాలు లేవు. తేదీలు, మొత్తాలు మాత్రమే. మూడు రోజులకు ఆ 700 కూడా పడింది. ఆ మాట కూడా ఆ కిందనే రాయించారు. అదే రోడ్డులో అదే ఏటీఎంలో ఇరుక్కున్న ఇంకో ఇద్దరు అక్కడికొచ్చి, ఎలా అడిగారండీ అని అడిగారు. పోస్టు తీసేసి ఉంటే వాళ్లకు తెలిసే దారి లేదు. జరిగిన పని బయటికి వచ్చి చెప్పడం ఫిర్యాదు చేసినవాళ్లకు కూడా బాధ్యతే అని నా అభిప్రాయం. సంస్థ పని చేసిపెట్టినప్పుడు ఆ సంగతి రాయకుండా ఊరుకుంటే అది కూడా అన్యాయమే.

ఇప్పుడు రెండో వైపు కూడా చూడాలి. ఆ జవాబులు రాసేది మన పిల్లలే. షిఫ్టుల్లో కూర్చుని, సంస్థ పేరు ఎత్తిన ప్రతి పోస్టూ వరసలో తెర మీద పడుతుంటే, ఒకదాని తర్వాత ఒకటి చూస్తూ ఉంటారు. మొదటి జవాబు ఎన్ని నిమిషాల్లో ఇచ్చారన్నది వాళ్ల పనితీరు లెక్కలో ఉంటుంది. డబ్బు వెనక్కి వేసే అధికారం వాళ్ల చేతిలో ఉండదు, ఖాతా తెరిచి చూసే వీలు కూడా ప్రతిచోటా ఉండదు. అందుకే తయారుగా ఉన్న నాలుగైదు అచ్చు జవాబుల్లో ఒకటి అతికిస్తారు. వాళ్ల మీద అరిచి ప్రయోజనం లేదు. కానీ ఆ అచ్చు జవాబు తయారుచేసే పై అధికారులకు చెప్పవలసింది ఉంది.

కస్టమరు అన్ని తేదీలూ రాసి, నంబరు కూడా ఇచ్చి, నాలుగోసారి అడుగుతుంటే మళ్లీ "మీ సమస్య ఏమిటో మెసేజ్‌లో తెలియజేయండి" అని అతికించడం కంటే జవాబు ఇవ్వకపోవడమే నయం. చదవలేదని ఊరంతా చూస్తుంది. అసౌకర్యానికి చింతిస్తున్నాం అన్న మాట డబ్బు పోయినవాళ్లకూ, పార్సిలు రెండు రోజులు ఆలస్యమైనవాళ్లకూ ఒకటే అయితే దానికి అర్థం లేదు. ఎక్స్‌లో ఉచితంగా దొరికేది 280 అక్షరాలు. తెలుగులో రాస్తే కూడా ఒక మంచి జవాబు రెండు పోస్టుల్లో పడుతుంది. నా చేతిలో ఉంటే ఇలా రాయిస్తాను.

"టీచరు గారూ, ఐదో తారీఖున పటమట ఏటీఎంలో 10,000 రాకుండా ఖాతాలో తగ్గిందని చదివాం. నియమం ప్రకారం పదో తారీఖులోగా తిరిగి జమ కావాలి. వెతకడానికి కార్డు చివరి 4 అంకెలు, స్లిప్పులోని ఏటీఎం నంబరు కావాలి. ఇవి ఇక్కడ రాయవద్దు, మెసేజ్‌లో పంపండి. పిన్, ఓటీపీ మేం అడగం. ఫిర్యాదు నంబరు ఈ సాయంత్రంలోగా ఇస్తాం, ఫలితం ఇక్కడే రాస్తాం."

ఇందులో సమస్యను పేరుపెట్టి చెప్పారు. గడువు బయటే ఒప్పుకున్నారు. లోపలికి ఎందుకు రమ్మంటున్నారో, ఏం తెమ్మంటున్నారో, ఏం తేవద్దంటున్నారో ఉంది. పిన్, ఓటీపీ అడగం అన్న ఒక్క మాటతో, ఆ కిందనే పొంచి ఉండే నకిలీవాడి పని సగం చెడుతుంది. అన్నిటికంటే ముఖ్యం చివరి మాట. ఫలితం ఇక్కడే రాస్తాం అని నలుగురిలో మాటిచ్చాక, లోపల ఆ ఫైలు పక్కన పడేయడం కష్టం.

లోపలికి పిలవకూడని సందర్భాలు కూడా ఉన్నాయి. వాటిని కూడా అలవాటు కొద్దీ లోపలికి పిలుస్తుంటారు. వేసవిలో రాత్రి తొమ్మిదింటికి పటమటలంకలో కరెంటు పోయిందనుకోండి. ఒకరు రాస్తారు, మా వీధిలో గంట నుంచి కరెంటు లేదు అని. జవాబుగా సర్వీసు నంబరు మెసేజ్‌లో పంపండి అంటే అది సరైన జవాబు కాదు. ఆ చీకట్లో ఉన్న మిగతా ఇళ్లవాళ్లకు కూడా అదే సమాచారం కావాలి. ఫీడరు పోయిందా, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజు పోయిందా, ఎన్ని గంటలకు రావచ్చు అన్నది అందరి ముందే చెప్పాల్సిన మాట. ఇందులో దాచడానికి ఎవరి సొంత వివరమూ లేదు. ఒకే మాటను యాభై మందికి యాభై మెసేజ్‌లలో చెప్పడం వాళ్లకూ దండగే.

కాబట్టి మొదట అడగవలసిన ప్రశ్న, అక్కడే, బయటే అడగాలి. మీ ఒక్క ఇంటికేనా, వీధి మొత్తానికా అని. వీధి మొత్తానికైతే జవాబు బయటే ఇవ్వాలి. ఒక్క ఇంటికే అయితే అప్పుడు సర్వీసు నంబరు అవసరం, అప్పుడు లోపలికి పిలవాలి. మన ప్రాంతానికి కరెంటు ఇచ్చే ఏపీసీపీడీసీఎల్ ఫోను నంబరు 1912. ఆ నంబరుకు చేసినప్పుడు కూడా సర్వీసు నంబరు అడగవచ్చు, బిల్లు మీద ఉంటుంది. పగటిపూటే చూసి ఫోనులో రాసిపెట్టుకోండి. చీకట్లో బిల్లు వెతకడం కష్టం.